పాపని గేటు దగ్గర దించాక: సమ్మర్ క్యాంపు రీల్ రాయడం ఎలా?

ఏప్రిల్ రెండో వారం దాటితే చాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో సమ్మర్ క్యాంపు రీల్స్ వరస కడతాయి. అన్నీ ఒకేలా ఉంటాయి. వెనక హుషారైన సినిమా పాట, ముందు డాన్సు చేస్తున్న పిల్లలు, రంగులు పూసుకున్న అరచేతులు, ‘మీ పిల్లల్లో ప్రతిభను వెలికితీయండి’ అనే అక్షరాలు, చివర ‘ఫీజు వివరాలకు మెసేజ్ చెయ్యండి’. ముప్పై సెకన్లు చూశాక కూడా ఆ క్యాంపు పొద్దున్నా సాయంత్రమా, ఆరేళ్ల పిల్లలకా పన్నెండేళ్ల పిల్లలకా అన్నది తెలియదు.

చిత్రం ఏమిటంటే, ఈ రీల్ పిల్లలకు నచ్చేలా తీస్తారు. డబ్బు కట్టాల్సింది మాత్రం అమ్మా నాన్నా. వాళ్ల బుర్రలో తిరిగేవి మూడే ప్రశ్నలు. పాప అక్కడ క్షేమంగా ఉంటుందా? ఎన్నింటికి పంపాలి, ఎన్నింటికి తెచ్చుకోవాలి, మధ్యలో ఏం చేస్తారు? మొత్తం ఎంతవుతుంది? ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అయితే రెండో ప్రశ్నే మొదటిది కావచ్చు. ఈ మూడింటికీ జవాబిచ్చే రీల్ రాయడానికి కూర్చుంటే తెలిసే సంగతి ఒకటుంది. ఏ వాక్యం దగ్గర కలం ఆగిపోతుందో, క్యాంపులో అక్కడ ఏర్పాటు లేదన్నమాట. ‘పిల్లల్ని ఎవరికి అప్పగిస్తాం’ అని రాయబోయి ఆగిపోయారంటే, అప్పగింతకు పద్ధతి ఇంకా పెట్టుకోలేదని అర్థం. అందుకే కెమెరా కంటే ముందు కాగితం కావాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక డాన్సు టీచరు, ఒక డ్రాయింగు మాస్టారు కలిసి క్యాంపు పెడుతున్నారనుకోండి. కాలనీ కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకున్నారు. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలు 30 మందే. సోమవారం నుంచి శనివారం దాకా, మూడు వారాలు, అంటే 18 రోజులు. ఆటలకు ఒక కోచ్, సాయానికి ఒక ఆయమ్మ. ఈ క్యాంపుకి ఒక నిమిషంలోపు రీల్ రాయాలి.

నిమిషమే ఎందుకంటే, ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు మూడు నిమిషాల రీల్ పెట్టనిస్తున్నా, ఈ రీల్ అసలు తిరిగేది వాట్సాప్‌లో. పక్కింటావిడ స్టేటస్‌లో పెట్టుకుంటే ముక్కలు కాకూడదు. కెమెరా ముందు ఆయాసం లేకుండా, స్పష్టంగా తెలుగు మాట్లాడితే సెకనుకి రెండు మాటలు వస్తాయి. మన మాటలు పొడుగు. ‘తీసుకెళ్లడానికి’ అన్నది ఒక్క మాటే అయినా అరసెకనులో నోరు తిరగదు. అందువల్ల నిమిషానికి 120 మాటలు గరిష్ఠం, 110 దగ్గర ఆపితే ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. చాలామంది రెండు వందల మాటలు రాసుకుని, గడగడా చదివేసి, ఎడిటింగ్‌లో వేగం పెంచుతారు. అది విన్నవాళ్లకు పిల్లల క్యాంపులా ఉండదు, బస్టాండులో అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది.

110 మాటల్లో దేనికెంత? అందరూ సమంగా పంచుతారు. నా లెక్కలో భద్రతకి మూడో వంతు పోవాలి. షెడ్యూలుకీ ఫీజుకీ తెర మీద అంకెలు సాయం చేస్తాయి. భద్రతకి నోటితో చెప్పే మాటే ఆధారం.

భద్రత దగ్గరే చాలా స్క్రిప్టులు బోల్తా పడతాయి. ‘మీ పిల్లల భద్రతే మా ప్రాధాన్యం’ అన్న వాక్యంలో తల్లి పట్టుకోవడానికి ఏమీ లేదు. ‘నూటికి నూరు శాతం సేఫ్’ అన్నది ఇంకా ప్రమాదం. ఏ మనిషీ ఇవ్వలేని హామీ అది. ‘సీసీ కెమెరాలు ఉన్నాయి’ అంటారు. కెమెరా జరిగిపోయినదాన్ని తర్వాత చూపిస్తుంది, జరుగుతున్నప్పుడు ఎవరైనా చూస్తుంటే తప్ప ఆపదు. దాన్ని చెప్పాలనుకుంటే ఎవరు చూస్తున్నారో కూడా చెప్పాలి. ‘స్టాఫ్ అందరికీ పోలీస్ వెరిఫికేషన్ అయింది’ అన్న మాట, కాగితం చేతిలో ఉంటేనే రాయండి. అడిగిన తల్లికి చూపించలేని మాట రీల్‌లో ఉండకూడదు.

మరి ఏం రాయాలి? వచ్చి చూసి, లెక్కపెట్టి, నిజమో కాదో తేల్చుకోగలిగినవి. ముఖ్యంగా అప్పగింత. పొద్దున దించేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. పదకొండింటికి ఒక్కసారిగా ముప్పై మంది పెద్దవాళ్లు గేటు దగ్గర గుమిగూడినప్పుడు, ‘నేను వాళ్ల బాబాయిని’ అంటూ ఒకాయన వస్తే ఎవరు ఆపుతారు? పిల్ల నవ్వుతూ ఆయన దగ్గరికి వెళ్లినా సరే పంపకూడదు. తీసుకెళ్లగల ఇద్దరి ఫొటోలు చేరేరోజే తీసుకుని రిజిస్టర్లో అంటించుకోవడం, మూడో మనిషి వస్తే తల్లికో తండ్రికో ఫోన్ చేయడం. ఖర్చు లేని పని. రీల్‌లో చెప్పేశాక మానేయడానికి వీలుండదు, అది ఇంకో లాభం.

తర్వాతది మనుషుల లెక్క. 30 మందికి నలుగురు పెద్దవాళ్లు అని చెప్తే వినడానికి బాగుంటుంది. ఆయమ్మ ఒక పాపతో బాత్రూమ్‌కి వెళ్లిన నిమిషం ముగ్గురే మిగులుతారు. ఇద్దరు పిల్లలు ఒకేసారి వెళ్తామంటే? అలాంటప్పుడు డాన్సు టీచరు పాట ఆపి, పిల్లల్ని కూర్చోబెట్టాలి. ఇదంతా రీల్‌లో చెప్పక్కర్లేదు కానీ, ఆదివారం వచ్చిన తల్లి అడిగితే జవాబు తడుముకోకుండా రావాలి.

క్యాంపులో ఏది లేదో చెప్పడం కూడా భద్రత మాటే. ‘స్విమ్మింగ్ లేదు, ఆవరణ దాటి ఎక్కడికీ తీసుకెళ్లం’ అన్న చిన్న వాక్యం చాలామంది తల్లుల గుండె మీద బరువు దించుతుంది. నిజంగా స్విమ్మింగ్ ఉన్న క్యాంపు అయితే అది వేరే రీల్; అందులో నీటి లోతు ఎంతో, గట్టు మీద ఈత వచ్చిన పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పకుండా ఒక్క షాటూ వేయకూడదు.

ఇక మన ఎండ. పన్నెండు నుంచి మూడింటి దాకా బయట తిరగొద్దని విపత్తు నిర్వహణ సంస్థలు ఏటా చెప్తూనే ఉంటాయి. కోస్తాలో అయితే పదింటికే ఉక్కపోత. కాబట్టి షెడ్యూలు రాసేటప్పుడు ఏ పని ఎప్పుడన్నది ఎండే నిర్ణయిస్తుంది. బయట ఆడే ఆటలన్నీ ఏడున్నర ఎనిమిదిన్నర మధ్య అయిపోవాలి, మిగతావి ఫ్యాన్ కింద. పదకొండింటికి పంపేస్తే పిల్లలు ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. హాల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకోవాలి, పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలపాలన్నది నలుగురికీ తెలిసుండాలి. గ్లాసులో మొత్తం ప్యాకెట్ కలిపి ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ వివరం రీల్‌కి ఎక్కువ. ‘ఎండెక్కక ముందే ఆటలు’ అన్న మూడు మాటలు సరిపోతాయి.

షెడ్యూలులో ఇంకో చిక్కు. రోజుకి పది యాక్టివిటీలు ఉన్నాయని చదివితే ఘనంగా ఉంటుంది. యోగా, చెస్, అబాకస్, కరాటే, కాలిగ్రఫీ, వంట. మూడున్నర గంటల్లో టిఫినూ నీళ్లూ తీసేస్తే మిగిలేది మూడు గంటలు కూడా కాదు. పది పనులకు పంచితే ఒక్కోదానికి పావుగంట. చాపలు పరచడానికే ఐదు నిమిషాలు పోతాయి. తల్లులకు ఈ లెక్క వచ్చు. మూడు పనులు చెప్పి, ఒక్కోదానికి గంట అని చెప్తే నమ్ముతారు.

ఫీజు దగ్గరికి వద్దాం. చెప్పకుండా దాచడానికి నిర్వాహకులు చెప్పే కారణం, ‘ముందు ఫోన్ చేస్తే మాట్లాడి ఒప్పించొచ్చు’ అని. నిజానికి ధర కనిపించని చోట సగటు మనిషి ‘మనకి అందదులే’ అనుకుని వేలు పైకి జరుపుతాడు. మన ఉదాహరణలో రోజుకి 200 చొప్పున 18 రోజులకు 3,600 రూపాయలు. ఇది గాల్లోంచి రాలేదు. హాలు అద్దె రోజుకి వెయ్యి అనుకుంటే 18,000. కోచ్‌కి 12,000, ఆయమ్మకి 9,000. టీ షర్టులు 6,000, రంగులూ కాగితాలూ 7,500, రోజూ మజ్జిగకి మొత్తం మీద 5,400. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ప్రింట్లు, చిల్లర ఖర్చులు 2,100. కూడితే 60,000. ముప్పై మంది చేరితే 1,08,000 వస్తుంది, టీచరుకీ మాస్టారుకీ చెరి 24,000 మిగులుతుంది.

ఇప్పుడు ఎవరో సలహా ఇస్తారు, ‘యాభై శాతం డిస్కౌంట్ అని పెట్టండి, జనం ఎగబడతారు’ అని. నిజంగా సగం చేస్తే ముప్పై మందికీ 54,000 వస్తుంది, ఖర్చే 60,000. కాబట్టి అది నిజం డిస్కౌంటు కాలేదు. ముందు 7,200 అని రాసి, కొట్టేసి, 3,600 వేయాలి. ఎన్నడూ వసూలు చేయని ధరని కొట్టేసి చూపించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దృష్టిలో తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి రావచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అదే కాలనీలో రేపు మళ్లీ మొహం చూపించాలి కదా.

అసలు గొడవలు ధర దగ్గర రావు, ధరలో కలవనివాటి దగ్గర వస్తాయి. రెండో వారంలో ‘టీ షర్టుకి మూడొందలు’, మూడో వారంలో ‘ఫంక్షన్ డ్రెస్సుకి ఐదొందలు’. డాన్సు ఉన్న ప్రతి క్యాంపులోనూ చివరిరోజు ప్రదర్శన ఉంటుంది, డ్రెస్సు ఉంటుంది. మన టీచరు దీన్ని తెలివిగా దాటారు: ప్రదర్శనకి క్యాంపు టీ షర్టే డ్రెస్సు. అలా చేయలేకపోతే డ్రెస్సు అద్దె ఎంతో రీల్‌లోనే చెప్పాలి. డబ్బు వెనక్కి ఇచ్చే మాట కూడా అంతే. మూడు రోజులు పోగా 15 రోజులకి 3,000 అవుతుంది, అది వెనక్కి. టీ షర్టు నాలుగో రోజు ఇస్తారు కాబట్టి నష్టం తక్కువ. ‘ఒకసారి కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు’ అని కింద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో వేయడం కంటే ఇది ఎంతో మేలు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, షరతు కూడా ప్రకటనలో మాట చెప్పిన భాషలోనే ఉండాలంటాయి. తెలుగులో పిలిచి ఇంగ్లీషులో షరతు పెట్టకూడదు.

ఇవన్నీ తేలాక స్క్రిప్టు ఇలా వస్తుంది. మాట్లాడేది డాన్సు టీచరే, కాటన్ చీరలో, గేటు దగ్గర నిలబడి.

షాట్ ఒకటి, గేటు. “పాపని గేటు దగ్గర దించి వెళ్లారు. ఆ తర్వాత మూడున్నర గంటలు ఏం జరుగుతుందో చెప్తాను.”

షాట్ రెండు, రిజిస్టరు, దాని మీద ఆయమ్మ చెయ్యి. తర్వాత హాలు, మూసి ఉన్న వెనక తలుపు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. “రాగానే రిజిస్టర్లో పేరు, టైము. తీసుకెళ్లడానికి వచ్చే ఇద్దరి ఫొటోలు మీరు ముందే ఇవ్వాలి. మూడో మనిషి వస్తే, సొంత బాబాయైనా సరే, మీతో ఫోన్లో మాట్లాడాకే పంపుతాం. ముప్పై మంది పిల్లలు, నలుగురు పెద్దవాళ్లం. బాత్రూమ్‌కి ఆయమ్మ తోడు వెళ్లి తలుపు బయట ఉంటుంది. స్విమ్మింగ్ లేదు. ఆవరణ దాటి ఎక్కడికీ తీసుకెళ్లం.”

షాట్ మూడు, గోడ గడియారం, చెట్టు నీడలో తాడాట, హాల్లో పరచిన చాపలు. “పొద్దున ఏడున్నరకి మొదలు. ఎండెక్కక ముందే గంటసేపు ఆటలు. ఎనిమిదిన్నరకి ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిను. తొమ్మిది నుంచి హాల్లో బొమ్మలు, డాన్సు. మధ్యలో మజ్జిగ. పదకొండింటికి మీ చేతికి అప్పగిస్తాం.”

షాట్ నాలుగు, బల్ల మీద రంగుల పెట్టె, టీ షర్టు. తెర మధ్యలో పెద్ద అంకెల్లో 3,600. “పద్దెనిమిది రోజులకి ఫీజు మూడు వేల ఆరు వందలు. రంగులు, కాగితాలు, మజ్జిగ, టీ షర్టు అన్నీ అందులోనే. మూడు రోజులు చూసి మీ పాపకి నచ్చలేదంటే మూడు వేలు తిరిగిస్తాం.”

షాట్ ఐదు, మళ్లీ టీచరు మొహం. “చేర్చే ముందు ఒకసారి వచ్చి చూడండి. ఈ ఆదివారం పది నుంచి పన్నెండు వరకు హాలు తెరిచే ఉంటుంది.”

మొత్తం 111 మాటలు, యాభై ఐదు సెకన్ల పైచిలుకు. ‘త్వరపడండి, సీట్లు కొన్నే’ అన్న మాట లేదు. ముప్పై అన్న అంకె ఆ పని ముందే చేసేసింది.

ఈ రీల్‌లో పిల్లల మొహాలు లేవని గమనించే ఉంటారు. మొదటిసారి పెట్టే క్యాంపుకి చూపించడానికి పిల్లలు ఉండరు. ఇంకెవరిదో క్యాంపు వీడియో ఎత్తుకొచ్చి పెడితే అది మోసం. పాత క్యాంపు అయినా, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా మొహం చూపించొద్దు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. తాడాట ఆడేవాళ్లను వెనక నుంచి, బొమ్మలు వేసే చేతులను పై నుంచి తీస్తే చాలు. స్కూలు బ్యాడ్జీ, పేరున్న వాటర్ బాటిల్ ఫ్రేములో పడకుండా చూసుకోవాలి. ‘మా పిల్లల క్షేమం’ గురించి మాట్లాడే రీల్‌లో ఒక పాప పేరు, స్కూలు, రోజూ ఎన్నింటికి ఎక్కడ ఉంటుందో మూడూ కనిపిస్తే అంతకంటే విడ్డూరం లేదు.

చిత్రీకరణ సంగతులు కొన్నే. ఫోన్ నిలువుగా పట్టుకోవాలి. ఫ్రేములో కింది భాగాన్ని పేరూ క్యాప్షనూ, కుడి పక్కని లైకు, షేరు గుర్తులూ మూసేస్తాయి. కాబట్టి ఫీజు, తేదీ, ఫోన్ నంబరు మధ్యలోనే ఉండాలి. చాలామంది శబ్దం ఆపి చూస్తారు, రాత్రి పిల్లలు పడుకున్నాక చూసే తల్లులు మరీను. చెప్పిన ప్రతి మాటా తెలుగు అక్షరాల్లో తెర మీద రావాలి. యాప్ తనంతట తాను వేసే తెలుగు అక్షరాలను నమ్మొద్దు, కూర్చుని టైపు చెయ్యండి. హాల్లో ఫ్యాన్ల హోరు గొంతుని మింగేస్తుంది, ఫ్యాన్లు ఆపి పొద్దున్నే తీయండి. వెనక సినిమా పాట పెడితే, బిజినెస్ ఖాతాకి దాన్ని వాడే హక్కు లేక రీల్ మూగబోవచ్చు. ఈ స్క్రిప్టుకి పాట అవసరమూ లేదు.

పెట్టే ముందు ఒక పరీక్ష. క్యాంపు సంగతి తెలియని ఒక తల్లికి శబ్దం లేకుండా ఒక్కసారి చూపించి మూడు ప్రశ్నలు అడగండి: పాపని ఎవరికి అప్పగిస్తారు, ఎన్నింటికి వదులుతారు, మొత్తం ఎంత? ఒక్కదానికి తడబడినా తప్పు ఆవిడది కాదు, ఆ షాట్ మళ్లీ తీయాలి. పెట్టాక వచ్చే ఫోన్లు కూడా ఇదే చెప్తాయి. అందరూ ‘ఫీజెంతండీ’ అనే అడుగుతుంటే, 3,600 తెర మీద చాలినంతసేపు నిలవలేదన్నమాట. ‘మా బాబుకి నాలుగేళ్లు, చేర్చుకుంటారా’ అని పదిమంది అడిగితే వయసు రాయడం మర్చిపోయారన్నమాట. నిజంగానే పై స్క్రిప్టులో వయసు నోటితో చెప్పలేదు. మొదటి షాట్ మీద ‘6-11 ఏళ్లు’ అని అక్షరాల్లో వేయాలి. ఎక్కడ ఎంతమంది చూడటం ఆపేశారో ఇన్‌స్టాగ్రామ్ గీత గీసి మరీ చూపిస్తుంది. భద్రత మధ్యలో గీత పడిపోతుంటే ఆ షాట్‌లో కదలిక లేదని. ఫీజు దగ్గర పడిపోతే వాళ్లు మీకు చేరేవాళ్లు కాదు, వదిలేయండి.

చివరగా ఒక్క మాట. రీల్ మీద తేదీలతో పాటు సంవత్సరం కూడా వెయ్యండి, సీట్లు నిండిన రోజునే క్యాప్షన్‌లో ఆ మాట రాయండి. లేకపోతే వచ్చే ఏడాది ఏప్రిల్‌లో ఎవరో ఆ పాత రీల్ గ్రూపులో పంపుతారు, అప్పటికి మారిపోయిన ఫీజుకి మీరే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.